నల్లనూనె పీపాలో కూలెంటు పోయకండి



ఈసారి మీ బండికి ఇంజన్ ఆయిల్ మార్పించుకునేటప్పుడు, మేస్త్రి కొత్త డబ్బా మూత తీయడం మాత్రమే చూసి ఊరుకోకండి. పాత నూనె ఎటు పోతున్నదో కూడా ఒక్క నిమిషం గమనించండి. డ్రైన్ బోల్టు ఊడగానే నల్లగా, వేడిగా జారే ఆ నూనె ముందు ఒక రేకు తట్టలో పడుతుంది. తట్ట నిండాక షెడ్డు మూలనున్న పీపాలోకి చేరుతుంది. అదే పీపాలో ఇంకా ఏమేమి పోస్తున్నారో చూడండి. రేడియేటరు నుంచి వదిలిన పచ్చటి కూలెంటు, పాత బ్రేకు ఆయిలు, పనిముట్లు కడిగిన కిరసనాయిలు, ఒక్కొక్కసారి నేల తుడిచిన నీళ్లు కూడా అందులోనే పడుతుంటాయి. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ ఒక్క పీపా గురించే. అందులో ఏది పోయాలి, ఏది పోయకూడదు అన్న చిన్న నిర్ణయం మీద మేస్త్రి చర్మం, మన బావి నీరు, ఆ నూనె మళ్లీ నూనెగా మారగలగడం, ఈ మూడూ ఆధారపడి ఉన్నాయని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఈ నల్లనూనె ఎంత పుడుతుందో ఊహించడం కష్టం కాదు. గుంటూరు ఆటోనగర్ ఉన్నది. జాతీయ రహదారి పొడవునా చిలకలూరిపేట, మార్టూరు, ఒంగోలు దాకా లారీ షెడ్లు వరుసగా కనిపిస్తాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలలో పొక్లెయినర్లు, కంప్రెసర్లు, జనరేటర్లు పగలూ రాత్రీ పనిచేస్తాయి. మిర్చి యార్డుకు టిక్కీలు చేరే నెలల్లో లారీలకు, ట్రాక్టర్లకు విశ్రాంతి ఉండదు. ఇక మోటారు సైకిళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఒక చిన్న ద్విచక్ర వాహనాల షెడ్డునే లెక్కకు తీసుకుందాం. రోజుకు పది బండ్లకు నూనె మారుస్తారనుకుంటే, బండికి ముప్పావు లీటరు నుంచి లీటరు వరకు పాత నూనె వస్తుంది. అంటే రోజుకు సుమారు ఎనిమిది లీటర్లు. నెలకు పాతిక పని దినాలు వేసుకుంటే 200 లీటర్లు. సరిగ్గా ఒక పెద్ద పీపా. లారీ అయితే ఒక్క ఇంజన్ నుంచే పదిహేను, ఇరవై లీటర్లు దిగుతుంది కనుక అక్కడ పీపా నిండడానికి పదిపన్నెండు బండ్లు చాలు.

ఈ నూనెలో ఏముంది? కొత్త ఇంజన్ ఆయిల్ చర్మానికి పెద్దగా హాని చేసేది కాదు. బాగా శుద్ధి చేసిన నూనెలో కొన్ని రసాయనాలు కలిపి దానిని తయారు చేస్తారు. కాని ఇంజనులో వేల కిలోమీటర్లు తిరిగే సరికి దానిలోకి ఇంధనం సగం కాలగా పుట్టిన మసి, ఆ మసితోపాటు బహువలయ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలు చేరతాయి. బేరింగులు, రింగులు అరిగి పుట్టిన లోహపు రేణువులు కలుస్తాయి. పెట్రోలు ఇంజను నుంచి తీసిన పాత నూనెను ఎలుకల చర్మానికి పూస్తే కణితులు పుట్టాయని ప్రయోగాలలో తేలింది. డీజిలు ఇంజను నూనెలో ఈ గుణం తక్కువగా కనిపించింది. ఈ తేడాను పట్టుకుని లారీ షెడ్డువారు నిశ్చింతగా ఉండవచ్చని నేను అనను. వారి చేతులు నూనెలో మునిగి ఉండే గంటలు ఎక్కువ.

నూనెకూ కాన్సరుకూ సంబంధాన్ని మొదట గట్టిగా నిరూపించినది ఒక నూలు మిల్లు కథ. పత్తి పండించే మన జిల్లాల పాఠకులకు అది తెలియడం బాగుంటుంది. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులలో మ్యూల్ అనే నూలు వడికే యంత్రాల వద్ద పనిచేసే కార్మికులు, తిరిగే కదురులకు కందెన వేసి, వాటి మీదకు వంగి తెగిన పోగులు అతికేవారు. కదురుల నుంచి చిమ్మే నూనె తుంపర్లు వారి తొడల మీద, పొత్తికడుపు కింద బట్టలకు పట్టి రోజంతా తడిగా ఉండేవి. 1922లో మాంచెస్టరు వైద్యులు సదమ్, విల్సన్ అనేవారు వృషణాల తిత్తి చర్మానికి వచ్చిన కాన్సరు రోగులను పరిశీలించి, వారిలో ఈ మ్యూల్ కార్మికులు ఎంత అధికంగా ఉన్నారో ప్రకటించారు. కారణం నూనె. ఆ యంత్రాలకు ఆమోదించిన తెల్లనూనె మాత్రమే వాడాలని బ్రిటిషు ప్రభుత్వం నిబంధన చేయడానికి 1953 దాకా పట్టింది. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన ఖనిజ తైలాలు మనుషులకు కాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలోనే చేర్చింది.

ఈ కథ చదివాక మన మేస్త్రి ప్యాంటు జేబును చూడండి. నూనె పీల్చిన గుడ్డముక్క అందులో ఉంటుంది. అది ఆ జేబులోనే ఉదయం నుంచి రాత్రి దాకా తొడకు ఆనుకుని ఉంటుంది. నేను వైద్యవృత్తిలో ఉన్న రోజుల్లో ఇటువంటి కుర్రవాళ్లు తొడల మీద, మోచేతుల మీద నల్లటి మొనలున్న పొక్కులతో వచ్చేవారు. మొటిమలని అనుకుని ముఖానికి రాసే క్రీములు పూసుకునేవారు. అవి నూనె వెంట్రుకల కుదుళ్లను మూసివేయడంవల్ల వచ్చిన పొక్కులు. ప్యాంటు మార్చి, గుడ్డను జేబులోంచి తీసివేయమంటే చాలావరకు తగ్గేవి. దానికి తోడు సాయంత్రం చేతులు పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడుక్కునే అలవాటు చర్మపు సహజమైన జిడ్డును కూడా తీసివేసి, పగుళ్లలోంచి అదే నూనె లోపలికి వెళ్లడానికి దారి చేస్తుంది. పొట్టుతోనో, రంపపు పొడితోనో రుద్ది, తరువాత సబ్బుతో కడుక్కోవడం దీనికన్నా ఎంతో మేలు. ఏళ్ల తరబడి మానని పుండు, గట్టిపడిన పులిపిరి వంటిది చేతులమీదగాని, తిత్తిమీదగాని కనిపిస్తే సిగ్గుపడకుండా వైద్యునికి చూపించుకోవాలి.

నూనె నెమ్మదిగా హాని చేస్తుంది. కూలెంటు అలా కాదు.

కూలెంటులో ప్రధానమైన పదార్థం ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది. షెడ్డులో రేడియేటరు విప్పి నేల మీద వదిలితే కుక్కలు నాకుతాయి. మరునాటికో, రెండో రోజుకో ఏదో ఒక మూల చచ్చిపడి ఉంటే ఎవరో మందు పెట్టారని అనుకుంటారు. మనిషికి శరీర బరువులో కిలోకు సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్ల శుద్ధ గ్లైకాల్ ప్రాణాంతకం కాగలదని వైద్యగ్రంథాలు చెబుతాయి. అంటే పెద్దవారికి సుమారు అరగ్లాసు. పది కిలోల పసిబిడ్డకు మూడు చెంచాలు.

ఒక సంఘటన చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, రాత్రి తొమ్మిది గంటల వేళ ఒక లారీ క్లీనరును ఇద్దరు మోసుకుని వచ్చారు. తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తున్నది, వాంతులు. తీసుకువచ్చినవారు, "తాగాడండీ, సెలైను పెడితే సరిపోతుంది" అన్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను. కాని దగ్గరకు వంగితే నోటిలో సారా వాసన లేదు. ఊపిరి మాత్రం పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, వేగంగా ఆడుతున్నది. ఏమి తాగాడని గుచ్చిగుచ్చి అడిగితే, షెడ్డులో చల్లటి పానీయం సీసాలో ఏదో రంగునీరు ఉంటే దాహానికి తాగాడని అతని తోటివాడు చెప్పాడు. మేస్త్రి మిగిలిన కూలెంటును ఆ సీసాలో పోసి పెట్టుకున్నాడట.

గ్లైకాల్ స్వయంగా చేసేది మత్తు మాత్రమే. అసలు విషం దానిని మన కాలేయం మార్చినప్పుడు పుడుతుంది. మద్యాన్ని విరిచే ఎంజైమే గ్లైకాల్‌నూ విరుస్తుంది. మొదట పుట్టే ఆమ్లాలు రక్తాన్ని పుల్లబరుస్తాయి. ఆ లోతైన ఊపిరికి కారణం అదే. చివరకు పుట్టే ఆగ్జాలిక్ ఆమ్లం రక్తంలోని కాల్షియంతో కలిసి మూత్రపిండాలలో సూదుల వంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. మొదటి అర్ధరోజు తాగినవాడిలా ఉంటాడు. ఆ తరువాత గుండె, ఊపిరితిత్తులు బలహీనపడతాయి. రెండో రోజు, మూడో రోజు మూత్రం ఆగిపోతుంది. ఆ ఎంజైమును మొదట్లోనే అడ్డుకుంటే విషం పుట్టదు. అందుకు ఫోమెపిజోల్ అనే మందు ఉన్నది. అది దొరకనిచోట వైద్యుడే కొలత ప్రకారం మద్యాన్ని మందుగా ఇస్తాడు. ఎంజైము మద్యంతో తీరికలేకుండా ఉన్నంతసేపు గ్లైకాల్ మారకుండా మూత్రంలో పోతుంది. దీనిని విని ఇంట్లోనే ఎవరూ వైద్యం చేయబోకండి. మోతాదు రక్తపరీక్షలను చూసి సరిచేస్తూ పోవాలి, చాలామందికి డయాలిసిస్ కూడా అవసరమవుతుంది. మా రోగిని ఆ రాత్రే గుంటూరు పంపాము. డయాలిసిస్ మీద కొన్నాళ్లుండి బతికి బయటపడ్డాడు. అతన్ని తెచ్చినవారు ఇంకో ఆరు గంటలు, "మత్తు దిగితే లేస్తాడులే" అని పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పుడు కూడా ఆలోచించుకుంటూ ఉంటాను. కనుక షెడ్డులో ఉండేవారికి నేను ఖచ్చితంగా చెప్పేదేమంటే, తాగే నీళ్ల సీసాలో కూలెంటు ఎన్నడూ పోయకండి. వాసనలేని మత్తు, లోతైన ఊపిరి కనిపిస్తే కూలెంటు మాట వైద్యునికి ముందుగా చెప్పండి.

ఇక ఈ రెండింటినీ ఒకే పీపాలో పోయడం ఎందుకు తప్పు అన్న ప్రశ్నకు వస్తాను. "రెండూ వ్యర్థాలే కదా, ఒకచోటికే పోతాయి" అని చాలామంది మేస్త్రులు నాతో అన్నారు. వ్యర్థం అన్న మాటలోనే పొరపాటు ఉన్నది. ఇంజను నూనె అరిగిపోదు. మసి, నీరు, అరిగిన లోహం, తన పని అయిపోయిన రసాయనాలు దానిలో చేరి మురికి అవుతుంది. మూల తైలం అందులో చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ మురికిని తీసివేయడమే పునఃశుద్ధి.

పాత నూనెను బట్టతో వడపోస్తే ఎందుకు తెల్లబడదో ముందు గ్రహించాలి. మసి గడ్డకట్టి ఇంజనులో పేరుకోకుండా నూనెలో తేలాడేటట్టు చేసే రసాయనాన్ని తయారీలోనే కలుపుతారు. అది మసి రేణువులను అతి సూక్ష్మంగా విడదీసి పట్టి ఉంచుతుంది. కనుక ఏ బట్టకూ అవి చిక్కవు. నెలల తరబడి నిలవ ఉంచినా అడుగుకు పూర్తిగా దిగవు. అదే రసాయనం కొంత నీటిని కూడా నూనెలో కలిపి పట్టుకుంటుంది. అందుకే పునఃశుద్ధికి వేడి, శూన్యత రెండూ కావాలి. మొదట నూనెను నిలవ ఉంచి తేలికగా వేరుపడే నీటిని, మట్టిని దించుతారు. తరువాత నీరు మరిగిపోయేదాకా వేడి చేస్తారు. ఆపై కలిసిన పెట్రోలు, డీజిలు వంటి తేలిక ఇంధనాలను తీస్తారు. చివరకు గాలి పీడనాన్ని బాగా తగ్గించిన పాత్రలో, పలుచటి పొరగా పరిచి, మూడు వందల డిగ్రీల ప్రాంతంలో మూల తైలాన్ని ఆవిరిగా లేపి చల్లారుస్తారు. పీడనం తగ్గించకపోతే అంత వేడికి నూనె విరిగిపోతుంది. మసి, లోహాలు, పాత రసాయనాలు అడుగున తారులాగా మిగులుతాయి. పైకి వచ్చిన నూనెకు ప్రత్యేకమైన బంకమట్టితోగాని, హైడ్రోజనుతోగాని తుది మెరుగు పెడతారు. మంచి సరుకు అయితే మూడింట రెండు వంతుల దాకా మూల తైలం తిరిగి వస్తుంది.

ఇప్పుడు ఆ సరుకులో కూలెంటు ఉన్నదనుకోండి. మన 200 లీటర్ల పీపాలో ఒక లారీ రేడియేటరు నుంచి తీసిన ఇరవై లీటర్లు పోశారనుకుందాం. అందులో సుమారు సగం నీరు, సగం గ్లైకాల్. నీరు నూరు డిగ్రీలకు మరిగిపోతుంది కాని గ్లైకాల్ మరగడానికి 197 డిగ్రీలు కావాలి. కనుక నీటితోపాటు అది పోదు. వెనుక దశలోకి వచ్చి ఇంధనాలతో కలుస్తుంది, పాత్రలో నురుగు పొంగిస్తుంది, వేడికి ఆమ్లంగా మారి గొట్టాలను తింటుంది, నూనెలోని రసాయనాలతో కలిసి జిగురు కడుతుంది. ఒక్క పీపాలో ఉన్నదని తెలిస్తే ఆ పీపాను పక్కన పెట్టవచ్చు. కాని సేకరించేవాడు ఇరవై షెడ్ల పీపాలను ఒకే టాంకరులో పోసుకుంటాడు. ఒక షెడ్డు చేసిన పని మిగిలిన పందొమ్మిది షెడ్ల నూనె విలువను తగ్గిస్తుంది. శుద్ధి కర్మాగారం తిరస్కరించిన సరుకు బట్టీలో పొయ్యికి పోతుంది.

కల్తీని కనిపెట్టడం కష్టమేమీ కాదు. తెల్లటి గాజు సీసాలో పీపా అడుగు నుంచి తీసిన నూనెను రాత్రంతా నిలవ ఉంచండి. కూలెంటు నూనెకన్నా బరువైనది కనుక విడిగా ఉన్నంత మేరకు అడుగున రంగు పొరగా నిలుస్తుంది. నూనె నల్లగా కాక పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీరు దానిలో చిలికినట్టు కలిసిపోయిందని అర్థం. ఇక కాలిన రేకు మీద ఒక చుక్క వేస్తే శుభ్రమైన నూనె మౌనంగా పొగలు కక్కుతుంది, నీరున్నది చిటపటలాడుతుంది. నూనె చిందుతుంది కనుక కళ్లద్దాలు పెట్టుకుని, దూరంగా ఉండి చూడాలి. ఎట్టి పరిస్థితిలోనూ వేలితో తీసి రుచి చూసే పని చేయవద్దు. కొందరు పాత మేస్త్రులకు తియ్యదనం చూసే అలవాటు ఉన్నది, అందుకే చెబుతున్నాను.

సరే, ఈనాడు మన ప్రాంతంలో ఆ పీపా వాస్తవానికి ఎక్కడికి పోతున్నది? నెలకోసారి చిన్న వ్యాను వేసుకుని ఒక వ్యాపారి వస్తాడు, లీటరుకు ఇంతని రొక్కం ఇచ్చి తీసుకుపోతాడు. బిల్లు ఉండదు. అక్కడి నుంచి దాని దారులు అనేకం. ఇళ్ల స్లాబులు వేసేవారు సెంట్రింగ్ రేకులకు కాంక్రీటు అంటకుండా పూస్తారు. కలప దూలాలకు, కంచె గుంజలకు చెదలు పట్టకుండా రాస్తారు. గజ్జి పట్టిన కుక్కలకు, గేదెలకు పూస్తారు. మిర్చి, పత్తి చేలలో తెల్లదోమను, తామరపురుగును పట్టడానికి పసుపు డబ్బాల మీద రాసే జిగురుగా కూడా వాడతారు. కొంత బట్టీలలో కాలుతుంది. ఇంకొంత, మట్టితో, ఆమ్లంతో రంగు విరిచి, పాత కంపెనీ డబ్బాలలో కొత్త నూనెగా మళ్లీ మన దుకాణాలకే వస్తుంది. గంధకామ్లంతో రంగు విరిచే పాత పద్ధతి దేశంలో అనుమతించినది కాదు. దానివల్ల మిగిలే ఆమ్లపు తారును పారబోయడానికి ఎక్కడా చోటులేదు. ఖాళీ ఆయిల్ డబ్బాకు చిల్లుపెట్టకుండా ఎవరికీ ఇవ్వకండి. మీ డబ్బాలోనే మీకు పాత నూనె తిరిగి రావచ్చు.

పశువుకు పూస్తే గజ్జి తగ్గుతుందని చెప్పేవారికి నా సమాధానం: నూనె ఊపిరాడకుండా చేసి కొన్ని పురుగులను చంపవచ్చు, కాని పశువు తన ఒంటిని తానే నాకుతుంది. పాలు మనం తాగుతాము. పశువైద్యశాలలో మందు ఉన్నది, దానిని వాడండి. పొలంలో జిగురు అట్టలకు ఆముదం పనిచేస్తుంది. తినే కాయలున్న చేనులోకి ఈ నల్లనూనెను తీసుకుపోవడం నాకు బొత్తిగా నచ్చదు.

షెడ్డు వెనుక నేల మీద పారబోసేవారు కూడా తక్కువేమీ కాదు. మన నల్లరేగడి బంకమట్టి కనుక నూనెను పట్టి ఆపుతుందని కొందరు ధైర్యం చెబుతారు. అది సగం నిజం. తడిసి ఉబ్బినప్పుడు రేగడి నీటిని సైతం దిగనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో అదే నేల చేయి పట్టేంత వెడల్పున బీటలు తీస్తుంది. ఆ బీట మనిషి నడుము లోతు దాకా పోతుంది. అప్పుడు పోసిన నూనె మట్టిలో ఇంకదు, పగులు వెంట నేరుగా కిందికి జారుతుంది. వానలు రాగానే పగులు మూసుకుపోయి, నూనె కంటికి కనిపించకుండా లోపల ఉండిపోతుంది. లీటరు నూనె పది లక్షల లీటర్ల నీటిని పాడుచేస్తుందని ప్రచారంలో ఉన్న మాటను మీరు విని ఉంటారు. అది నీటికి రుచి, వాసన చెడడానికి సంబంధించిన లెక్క, అందరినీ చంపే విషపు లెక్క కాదు. భయపెట్టడానికి దానిని వాడడం నాకు ఇష్టం లేదు. కాని బావి నీరు ఒకసారి కిరసనాయిలు వాసన పట్టిందంటే ఆ బావిని ఎవరూ తాగలేరు, తిరిగి బాగుచేయడం మన తరంలో జరిగే పని కాదు. ఆ మాట చాలు. కూలెంటు సంగతి వేరు. గాలి ఆడే మట్టిలో సూక్ష్మజీవులు గ్లైకాల్‌ను కొద్ది వారాలలో తినేస్తాయి. కాని చెరువులోకో కాలువలోకో పోతే, అవి దానిని తింటూ నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుని చేపలను చంపుతాయి. పాత ఇత్తడి రేడియేటర్ల అతుకుల్లోని సీసం కూడా కూలెంటులో కరిగి ఉంటుంది, దానిని ఏ సూక్ష్మజీవీ తినలేదు.

చట్టం లేకపోలేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. దానిని సాధారణంగా 90 రోజులకు మించి నిలవ ఉంచరాదు, అనుమతి ఉన్న శుద్ధిదారుకే అప్పగించాలి, సరుకు వెంట పత్రం ఉండాలి. 2023 సెప్టెంబరులో కేంద్రం ఆ నియమాలను సవరించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె అమ్మే కంపెనీలే పాత నూనె తిరిగి శుద్ధి అయ్యేటట్టు చూసే బాధ్యత తీసుకోవాలి. మొదటి ఏడాది 5 శాతంతో మొదలై, ఏటా పెరుగుతూ 50 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టారు. శుద్ధిదారులు, సేకరణదారులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. శుద్ధి చేసినవారికి పత్రాలు వస్తాయి, కంపెనీలు వాటిని కొని తమ లక్ష్యం చూపుకుంటాయి.

ఇది మంచి ఏర్పాటే. అయితే నా అభ్యంతరం ఒకటి ఉన్నది. కంపెనీ తన లక్ష్యానికి సరిపడా పత్రాలను పెద్ద డిపోలు, కర్మాగారాలు ఇచ్చే నూనెతోనే తెచ్చుకోగలదు. అక్కడ ఒక్కసారికే టాంకరు నిండుతుంది. మార్టూరు పక్కన నెలకు ఒక పీపా పుట్టే షెడ్డుకు ఎవరు వస్తారు? వచ్చేవాడు ఆ రొక్కం వ్యాపారి ఒక్కడే. అతన్ని దొంగగా చూసి తరిమితే పీపా మురుగు కాలువలోకి పోతుంది. అందుకే నేను చెప్పేది, ఆ వ్యాపారినే నమోదు చేయించి, సేకరణదారుగా మార్చాలి. గుంటూరులోను, ఒంగోలులోను కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. నోటీసులు అంటించడానికి ముందు, ఆటోనగర్ సంఘాలలో ఒకరోజు కూర్చుని ఈ నమోదును అక్కడికక్కడే చేయిస్తే ఎక్కువ మేలు. అంతకన్నా ముఖ్యంగా, కూలెంటు కలవని పీపాకు లీటరుకు రెండు మూడు రూపాయలు ఎక్కువ ఇవ్వాలి. మేస్త్రికి జరిమానాకన్నా ఆ రెండు రూపాయలు బాగా అర్థమవుతాయి. ఇందులో అతన్ని తప్పుపట్టేదేమీ లేదు. ఈనాడు శుభ్రమైన పీపాకూ కలుషితమైన పీపాకూ ఒకటే ధర.

కూలెంటుకు మాత్రం ఇంత తేలికైన మార్గం లేదు. దానిని కొనేవారు లేరు. రాష్ట్రంలో ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే పరవాడ కేంద్రం మనకు దాదాపు 400 కిలోమీటర్ల దూరం. ఐదు లీటర్ల డబ్బాను ఎవరూ అంతదూరం పంపరు. కనుక దాన్ని తక్కువగా పుట్టించడమే మన చేతిలో ఉన్న పని. వాటర్ పంపు మార్చడానికో, హెడ్ విప్పడానికో రేడియేటరు ఖాళీ చేసినప్పుడు, కూలెంటు నిండా ఏడాది కూడా కానిదైతే, శుభ్రమైన బకెట్టులో పట్టి, గుడ్డతో వడపోసి, మళ్లీ అందులోనే పోయవచ్చు. చాలా షెడ్లలో దానిని నేలమీదకు వదిలేసి కొత్తది కొనిపిస్తారు. రెండవది, తగ్గిన కూలెంటుకు బోరు నీళ్లు పోయడం మానాలి. ప్రకాశం వైపు బోరు నీటిలో ఉప్పు, సున్నం ఎంతో మీకు తెలుసు. అవి రేడియేటరు గొట్టాలకు పెచ్చు కట్టి, తుప్పు పట్టించి, రెండు మూడేళ్లు రావలసిన కూలెంటును ఏడాదికే ఎర్రబరుస్తాయి. బ్యాటరీకి పోసే శుద్ధజలం పోయండి. పది రూపాయల పొదుపు కోసం ఇరవై లీటర్ల విషాన్ని తయారుచేసుకోవడం మంచి లెక్క కాదు. మిగిలిన పాత కూలెంటును వేరే రంగు డబ్బాలో, మూత బిగించి, పిల్లలకూ కుక్కలకూ అందని ఎత్తులో ఉంచాలి. సేకరణదారు టాంకరు వచ్చిననాడు నూనెతోపాటు దానిని కూడా విడిగా తీసుకోవాలన్న షరతును ఆటోనగర్ సంఘాలే పెట్టగలవు.

పీపా గురించి కూడా రెండు మాటలు చెప్పి ముగిస్తాను. దానిని రేకుల నీడలో, సిమెంటు గచ్చు మీద, చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టి ఉంచాలి. పీపా కారినా నూనె గట్టులోనే నిలవాలి. ఎండలో పెట్టిన పీపా మూతమీద వాననీరు నిలిచి, రాత్రి చల్లబడినప్పుడు బిరడా సందులోంచి ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఎవరూ నీళ్లు పోయకుండానే నూనెలో నీరెలా వచ్చిందని అడిగే మేస్త్రులకు ఇది సమాధానం. పాత ఫిల్టర్లను వేడిగా ఉండగానే పైభాగాన చిల్లుపెట్టి, ఒక రాత్రి గరాటు మీద బోర్లించాలి. లారీ ఫిల్టరులో ఇంకా ఎంత నూనె మిగిలి ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

నిన్న సాయంత్రం నా పాత స్కూటరును మా వీధి చివరి షెడ్డుకు ఇచ్చాను. పీపా పక్కన కొత్తగా ఒక ఎర్ర డబ్బా కనిపించింది. దానిమీద తెల్ల రంగుతో, "ఇందులో నూనె పోయరాదు, ఇది తాగే నీరు కాదు" అని చేతిరాతతో ఉన్నది. పోయినసారి నేను అక్కడ కూర్చుని విసిగించిన ఫలితమని మేస్త్రి నవ్వుతూ అన్నాడు. అతని జేబులో గుడ్డ మాత్రం ఇంకా అక్కడే ఉన్నది.